‘మూడో వ్యక్తి సమాచారం, ఇవ్వలేము’ అన్నప్పుడు మొదటి అప్పీలు ఎలా రాయాలి

మా పక్క ఊళ్లో ఒక సీసీ రోడ్డు వేసిన ఏడాదికే పగుళ్లు తేలింది. ఆ వీధిలో ఉండే ఒక రైతు సమాచార హక్కు చట్టం కింద ఇంజినీరింగ్ సబ్ డివిజన్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టాడు. అడిగింది అయిదు కాగితాలు: పనికి వేసిన ఎస్టిమేట్, కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటు, కొలతలు నమోదు చేసే ఎం-బుక్‌లో ఈ పనికి సంబంధించిన పేజీలు, క్వాలిటీ కంట్రోల్ టెస్ట్ రిపోర్టులు, చెల్లించిన బిల్లులు. కొన్నాళ్లకు మూడు వాక్యాల ఉత్తరం వచ్చింది.

‘మీరు కోరిన 2, 3, 5 అంశాలు కాంట్రాక్టరుకు అనగా మూడవ పక్షానికి చెందినవి అయినందున సెక్షన్ 8(1)(డి), 8(1)(జె) ప్రకారం ఇవ్వలేము. 4వ అంశం ఈ కార్యాలయంలో లేదు. కావున మీ దరఖాస్తు పరిష్కరించడమైనది.’

ఆయన ఆ ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వచ్చేటప్పటికే ఒక అప్పీలు రాసుకొచ్చాడు. రెండు పేజీలు. అందులో అధికారుల మీద కోపం ఉంది, రోడ్డు నాణ్యత మీద ఆవేదన ఉంది, విచారణ జరిపించాలన్న డిమాండ్ ఉంది. ఉత్తరంలో చెప్పిన కారణాలకు మాత్రం ఒక్క జవాబు లేదు. మొదటి అప్పీళ్లు వీగిపోయేది ఎక్కువగా ఇక్కడే. మొదటి అప్పీలు ఫిర్యాదు ఉత్తరం కాదు. మీకు రాని ఒక్కొక్క కాగితానికీ, అధికారి చెప్పిన కారణం చట్టం ముందు ఎందుకు నిలవదో చెప్పే పత్రం. పైగా దాన్ని ఇద్దరు చదువుతారు. ఇప్పుడు అప్పిలేట్ అధికారి, ఆయన పట్టించుకోకపోతే తర్వాత రాష్ట్ర సమాచార కమిషన్. ఆ రెండో పాఠకుడిని మనసులో పెట్టుకునే మొదటి అప్పీలు రాయాలి.

ఆ రైతు అప్పీలును మేం కూర్చుని తిరగరాశాం. అదే ఇక్కడ మెట్టు మెట్టుగా చెబుతాను. లెక్క సులువుగా చూపడానికి తేదీలు మార్చాను.

ముందు కవరు చూడండి

ఉత్తరం చేతికి రాగానే చాలామంది కవరు చింపి పారేస్తారు. అలా చేయకండి. ఉత్తరం మీద అధికారి వేసే తేదీ ఒకటి, పోస్టాఫీసు ముద్ర మీద ఉండే తేదీ మరొకటి. ఈ ఫైలులో దరఖాస్తు ఆఫీసులో ఇచ్చింది 2026 ఫిబ్రవరి 2న. జవాబు మీద ఉన్న తేదీ ఫిబ్రవరి 27. కవరు మీద ముద్ర మార్చి 9. చేతికి అందింది మార్చి 11న.

సెక్షన్ 7(1) ప్రకారం దరఖాస్తుకు జవాబివ్వాల్సిన పౌర సమాచార అధికారికి 30 రోజులు ఉంటాయి. ఫిబ్రవరి 2 నుంచి లెక్కేస్తే మార్చి 4తో గడువు అయిపోయింది. ఉత్తరం మీది తేదీని బట్టి జవాబు సకాలంలో ఇచ్చినట్టు, కవరును బట్టి అయిదు రోజులు ఆలస్యం. ఈ తేడా చిన్నది కాదు. గడువులోగా ఇవ్వకపోతే సెక్షన్ 7(6) ప్రకారం ఆ సమాచారాన్ని తర్వాత ఉచితంగా ఇవ్వాలి. పేజీకి రెండు రూపాయలే కదా అనిపించొచ్చు గానీ, ఎస్టిమేట్, అగ్రిమెంటు కలిపితే వందల పేజీలు అవుతాయి. ఆ కవరే మీకు రుజువు.

ఇప్పుడు అప్పీలు గడువు. సెక్షన్ 19(1) ప్రకారం జవాబు అందిన రోజు నుంచి 30 రోజులు. అసలు జవాబే రాకపోతే, అధికారి గడువు ముగిసిన రోజు నుంచి 30 రోజులు. ఈ కేసులో జవాబు అందిన తేదీని పట్టుకుంటే ఏప్రిల్ 10 వరకు, గడువు ముగిసిన మార్చి 4ను పట్టుకుంటే ఏప్రిల్ 3 వరకు. రెండింటిలో ముందు వచ్చే తేదీనే మీ గడువు అనుకోండి. అప్పుడు గడువు మీద ఎవరూ వాదన పెట్టలేరు. ఒకవేళ దాటిపోతే, ఆలస్యానికి తగిన కారణం ఉంటే అప్పీలును స్వీకరించే అధికారం అప్పిలేట్ అధికారికి ఉంది. ఆస్పత్రిలో ఉన్నారా, ఉత్తరం వేరే చిరునామాకు పోయిందా, అదేదో అప్పీలులోనే ఒక పేరాలో రాసి ఆధారం జతచేయండి.

అడిగిందేమిటి, చెప్పిందేమిటి

రాయడం మొదలుపెట్టే ముందు ఒక తెల్లకాగితం మీద నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మీరు అడిగిన అంశాలు, కుడివైపు ఒక్కోదానికి వచ్చిన జవాబు రాయండి. పది నిమిషాల పని. కానీ ఈ పని చేసినప్పుడే ఆ రైతు ఫైలులో ఒక సంగతి బయటపడింది. ఉత్తరంలో 2, 3, 5 అంశాల మాట ఉంది, 4 మాట ఉంది. ఒకటో అంశం, అంటే ఎస్టిమేట్ గురించి ఒక్క మాట లేదు. ఇవ్వనని కూడా అనలేదు. అయినా ‘దరఖాస్తు పరిష్కరించడమైనది’ అని ముగించారు. ఆయన అప్పటికి ఆ ఉత్తరాన్ని అయిదారుసార్లు చదివాడు, నేనూ ఒకసారి చదివాను, ఇద్దరికీ తట్టలేదు. గడువులోగా నిర్ణయం చెప్పకపోతే సెక్షన్ 7(2) ప్రకారం అది తిరస్కరించినట్టే లెక్క. కాబట్టి మౌనంగా వదిలేసిన అంశం మీద కూడా అప్పీలు ఉంటుంది.

ఇంకొకటి చూడండి. ఉత్తరంలో లేనివి ఏమిటి? దరఖాస్తును తిరస్కరించేటప్పుడు మూడు సంగతులు తప్పక తెలపాలని సెక్షన్ 7(8) చెబుతోంది: తిరస్కరణకు కారణాలు, ఎన్ని రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చో, అప్పిలేట్ అధికారి వివరాలు. ఈ ఉత్తరంలో చివరి రెండూ లేవు. మొదటిది కూడా పేరుకే ఉంది. సెక్షన్ నంబరు వేయడం కారణం చెప్పడం కాదు. ఆ సెక్షన్ ఈ కాగితానికి ఎలా వర్తిస్తుందో చెబితేనే కారణం అవుతుంది.

ఎవరి పేరున రాయాలి

అదే శాఖలో పౌర సమాచార అధికారి కంటే పై హోదాలో ఉండి, మొదటి అప్పిలేట్ అధికారిగా నియమితులైన వారికి రాయాలి. సబ్ డివిజన్‌లో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు సమాచార అధికారి అయితే, మామూలుగా డివిజన్‌లో ఉండే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు అప్పిలేట్ అధికారి అవుతారు. ఖాయం చేసుకోవడానికి ఆఫీసు గోడ మీది సమాచార హక్కు బోర్డు చూడండి. బోర్డు చెరిగిపోయి ఉంటే పై ఆఫీసులో అడగండి. అధికారి సొంత పేరు రాయకండి, బదిలీలు అవుతుంటాయి. ‘మొదటి అప్పిలేట్ అధికారి’ అని, కింద హోదా, ఆఫీసు చిరునామా రాస్తే చాలు. కలెక్టరుకో మంత్రికో రాస్తే అది ప్రజావాణి అర్జీ అవుతుంది, అప్పీలు కాదు. ఈలోపు 30 రోజులు కరిగిపోతాయి.

వాదన కట్టడం

ఇదే అసలు పని. ముందుగా సెక్షన్ 19(5) గుర్తుపెట్టుకోండి. అప్పీలులో, సమాచారం నిరాకరించడం న్యాయమేనని రుజువు చేసే బాధ్యత నిరాకరించిన అధికారిదే. ‘నాకెందుకు ఇవ్వాలి’ అని మీరు బతిమాలే పరిస్థితి కాదు, ‘ఎందుకు ఇవ్వలేదు’ అని ఆయన చెప్పుకోవాల్సిన పరిస్థితి. ఈ ఒక్క సంగతి తెలిస్తే రాసే తీరే మారిపోతుంది.

మొదట వ్యాపార రహస్యం అన్న సాకు తీసుకుందాం. సెక్షన్ 8(1)(డి)లో రెండు మెట్లు ఉన్నాయి. ఒకటి, ఆ సమాచారం వాణిజ్య గోప్యతో, వ్యాపార రహస్యమో, మేధో సంపత్తో అయి ఉండాలి. రెండు, దాన్ని బయటపెడితే మూడో వ్యక్తికి పోటీలో నష్టం జరగాలి. రెండూ ఉంటేనే మినహాయింపు. ఆ పైన కూడా, విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని అదే క్లాజు చెబుతోంది.

ఇప్పుడు ఎం-బుక్‌ను ఈ కొలతకు పెట్టి చూడండి. ఎం-బుక్ రాసేది కాంట్రాక్టరు కాదు. పని జరిగిన చోట కొలిచి పొడవు, వెడల్పు, మందం రాసేది ప్రభుత్వ ఇంజినీరు, దాన్ని సరిచూసేది ఆయన పై ఇంజినీరు. 120 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని రాస్తే కాంక్రీటు 54 ఘనపు మీటర్లు అవుతుంది, ఆ లెక్క మీదే బిల్లు. అదే మందం నేల మీద 10 సెంటీమీటర్లే ఉంటే కాంక్రీటు 36 ఘనపు మీటర్లే. ఇందులో వ్యాపార రహస్యం ఏముంది? అందరూ నడిచే రోడ్డు అది, టేపు పెట్టి ఎవరైనా కొలవొచ్చు. టెండరు ముగిసి, పని పూర్తయి, బిల్లు కూడా చెల్లించాక పోటీలో నష్టం అనే మాటకు తావే లేదు. పైగా సెక్షన్ 2(జె) ‘సమాచార హక్కు’ అంటే ఏమిటో చెబుతూ, పనులను తనిఖీ చేయడాన్నీ, వాడిన మెటీరియల్ శాంపిళ్లు ధ్రువీకరించి తీసుకోవడాన్నీ కూడా అందులో చేర్చింది. సిమెంటు ముక్కనే అడిగి తీసుకునే హక్కు ఉన్నప్పుడు, దాని కొలత రాసిన కాగితం రహస్యం ఎలా అవుతుంది? ఈ వాక్యం అప్పీలులో ఉండాలని నేను పట్టుబట్టాను.

రెండోది, ‘మూడో పక్షం’ అనే మాట. ఆఫీసుల్లో దీన్ని తాళంకప్పలా వాడుతున్నారు. చట్టంలో మూడో పక్షం అనేది మినహాయింపు కాదు, ఒక పద్ధతి మాత్రమే. మూడో పక్షం ఇచ్చినదో, వారికి సంబంధించినదో అయి, వారు గోప్యంగా భావించిన సమాచారాన్ని అధికారి ఇవ్వాలనుకుంటే, సెక్షన్ 11 ప్రకారం దరఖాస్తు అందిన అయిదు రోజుల్లో వారికి రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక అభ్యంతరం చెప్పుకోవడానికి వారికి పది రోజులు. అభ్యంతరం వచ్చినా అది అడ్డుకట్ట కాదు. దాన్ని పరిగణనలోకి తీసుకుని అధికారే నిర్ణయించాలి. ఈ ఉత్తరంలో నోటీసు ఇచ్చిన జాడే లేదు. కాంట్రాక్టరును అడగకుండానే కాంట్రాక్టరు తరఫున కాదనేశారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నిజంగా నోటీసు ఇచ్చి ఉంటే, అధికారి నిర్ణయానికి గడువు 30 కాదు, 40 రోజులు అవుతుంది. అప్పుడు మనం చెప్పిన ఆలస్యం వాదన నిలవదు. అందుకని అప్పీలులో ‘ఆలస్యంగా ఇచ్చారు’ అని గట్టిగా తేల్చేయకుండా, ‘సెక్షన్ 11 కింద నోటీసు ఇచ్చినట్టు లేఖలో ఎక్కడా లేదు, కాబట్టి 30 రోజుల గడువే వర్తిస్తుంది’ అని రాశాం. తెలియనిదాన్ని తెలిసినట్టు రాస్తే ఒక్క కాగితంతో అప్పీలంతా తేలిపోతుంది.

మూడోది వ్యక్తిగత సమాచారం. ఈ క్లాజు మారింది, పాత నమూనాలు చూసి రాసేవాళ్లు ఇక్కడే పొరపాటు పడుతున్నారు. ఒకప్పుడు సెక్షన్ 8(1)(జె)లో ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనిది, అనవసరంగా వ్యక్తిగత గోప్యతకు భంగం కలిగించేది అనే షరతులు ఉండేవి. పార్లమెంటుకు, శాసనసభకు ఇవ్వననలేని సమాచారాన్ని పౌరుడికీ కాదనకూడదనే వాక్యం కూడా ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అవన్నీ తీసేసి, ‘వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది’ అని మాత్రమే మిగిల్చింది. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంటే ఆ తేదీ తర్వాత పెట్టిన దరఖాస్తుకు పాత క్లాజులోని మాటలు చూపి లాభం లేదు. ఈ మార్పు నన్ను చాలా బాధపెట్టింది, అయినా అప్పీలు రాసేవాడు ఉన్న చట్టం మీదే నిలబడాలి.

మిగిలిన దారులు రెండు. ఒకటి, అసలు ఇది వ్యక్తిగత సమాచారమే కాదనడం. ప్రభుత్వం ఒక పనికి చేసుకున్న ఒప్పందం, ఖజానా నుంచి చెల్లించిన బిల్లు ప్రభుత్వ లావాదేవీ రికార్డులు. రెండు, సెక్షన్ 8(2). దాన్ని ఎవరూ మార్చలేదు. ఏ మినహాయింపు ఉన్నా, రక్షించాల్సిన ప్రయోజనానికి కలిగే హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని అది చెబుతోంది. దరఖాస్తులో ‘ఎందుకు అడుగుతున్నారు’ అన్నదానికి జవాబు చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ రక్షణ ఇచ్చింది. కానీ 8(2)ను వాడుకోవాలంటే ప్రజాప్రయోజనం ఏమిటో మీరే చెప్పాలి. ‘అవినీతి జరిగింది’ అని రాయకండి, అది మీ చేతిలో రుజువు లేని మాట. ‘రోడ్డు వేసిన ఏడాదిలోపే పగుళ్లు వచ్చాయి, ఫొటోలు జతచేశాను, ప్రజాధనంతో చేసిన పని కొలతలు సరిచూసుకోవడం ఊరివాళ్ల అవసరం’ అని రాయండి. కళ్లకు కనిపించేది రాస్తే ఎవరూ కాదనలేరు.

దీనికి తోడు సెక్షన్ 10 కూడా వాడుకోవాలి. బిల్లు కాగితాల్లో కాంట్రాక్టరు బ్యాంకు ఖాతా నంబరు, పాన్, ఆధార్ ఉండొచ్చు. అవి మీకు అక్కర్లేదు. ‘అవి కొట్టేసి మిగతాది ఇవ్వండి’ అని మీరే చెప్పండి. ఇవ్వకూడని భాగం వేరుచేసి మిగతాది ఇవ్వాలన్నదే ఆ సెక్షన్. మీరు ముందే ఒప్పుకుంటే, మొత్తం కాగితాన్ని దాచడానికి అధికారి దగ్గర సాకు ఉండదు.

ఇక నాలుగో అంశం, ‘మా కార్యాలయంలో లేదు’. టెస్ట్ రిపోర్టులు క్వాలిటీ కంట్రోల్ విభాగం దగ్గర ఉండొచ్చు, నిజమే. కానీ సమాచారం వేరే ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటే, సెక్షన్ 6(3) ప్రకారం అయిదు రోజుల్లో దరఖాస్తును అక్కడికి బదిలీ చేసి మీకు తెలపాలి. అదే శాఖలోని మరో అధికారి దగ్గర ఉంటే, సెక్షన్ 5(4) కింద ఆ అధికారి సాయం కోరి తెప్పించాలి. ‘లేదు’ అని చెప్పి చేతులు దులుపుకోవడానికి చట్టంలో దారి లేదు.

పూర్తి ముసాయిదా

తెల్లకాగితం మీద రాస్తే చాలు. తెలుగులో రాయండి. తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ మొదటి అప్పీలుకు ఫీజు లేదు. మేం పంపింది ఇలా ఉంది:

> సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు
>
> స్వీకర్త: మొదటి అప్పిలేట్ అధికారి, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, (డివిజన్ ఆఫీసు, పూర్తి చిరునామా).
>
> అప్పీలుదారు: (పేరు, చిరునామా, ఫోను).
>
> ప్రతివాది: పౌర సమాచార అధికారి, (సబ్ డివిజన్ ఆఫీసు, చిరునామా).
>
> సూచిక: 1) 02-02-2026న అందజేసిన నా దరఖాస్తు. 2) పౌర సమాచార అధికారి లేఖ నం. (…), తేదీ 27-02-2026, నాకు అందినది 11-03-2026.
>
> ఆర్యా,
>
> 1. మా గ్రామంలో (పని పేరు, సంవత్సరం) సీసీ రోడ్డు పనికి సంబంధించి అయిదు అంశాల సమాచారం కోరుతూ సూచిక 1 ద్వారా దరఖాస్తు చేశాను. సూచిక 2 లేఖలో 2, 3, 5 అంశాలను నిరాకరించారు, 4వ అంశం తమ వద్ద లేదన్నారు, 1వ అంశంపై ఏమీ చెప్పలేదు. ఈ నిర్ణయంపై అప్పీలు చేస్తున్నాను.
>
> 2. 1వ అంశం (ఎస్టిమేట్): దీనిపై ఎటువంటి నిర్ణయమూ తెలపలేదు. సెక్షన్ 7(2) ప్రకారం ఇది తిరస్కరణే. ఏ మినహాయింపూ చూపలేదు కాబట్టి ఈ కాపీలు ఇవ్వాలి.
>
> 3. 2, 3, 5 అంశాలు (అగ్రిమెంటు, ఎం-బుక్ పేజీలు, బిల్లులు):
>
> (ఎ) సెక్షన్ 8(1)(డి) వర్తించాలంటే వ్యాపార రహస్యం ఉండాలి, వెల్లడితో మూడో పక్షానికి పోటీలో నష్టం కలగాలి. ఈ రెండూ ఎలా ఉన్నాయో లేఖలో చెప్పలేదు. ఎం-బుక్ ప్రభుత్వ ఇంజినీరు నమోదు చేసిన రికార్డు. పని పూర్తయి బిల్లు చెల్లింపు కూడా జరిగింది. సెక్షన్ 2(జె) పనుల తనిఖీకి, మెటీరియల్ శాంపిళ్లకు కూడా హక్కు ఇచ్చినప్పుడు వాటి కొలతల రికార్డును రహస్యం అనలేరు.
>
> (బి) ఈ రికార్డులు ప్రభుత్వ ఒప్పందానికి, ప్రజాధనం చెల్లింపుకు సంబంధించినవి, వ్యక్తిగత సమాచారం కావు. ఒకవేళ అవుననుకున్నా, ఏడాదిలోపే రోడ్డుకు పగుళ్లు వచ్చినందున (ఫొటోలు జతచేశాను) కొలతలు, చెల్లింపులు తెలుసుకోవడంలో ప్రజాప్రయోజనం ఉంది. సెక్షన్ 8(2) ప్రకారం ఇవ్వవలసి ఉంటుంది. బ్యాంకు ఖాతా, పాన్, ఆధార్ వివరాలను సెక్షన్ 10 ప్రకారం తొలగించి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.
>
> (సి) మూడో పక్షం అయినంత మాత్రాన మినహాయింపు లేదు. సెక్షన్ 11 కింద నోటీసు ఇచ్చినట్టు లేఖలో లేదు.
>
> 4. 4వ అంశం (టెస్ట్ రిపోర్టులు): తమ వద్ద లేనప్పుడు సెక్షన్ 6(3) ప్రకారం బదిలీ చేయలేదు, సెక్షన్ 5(4) ప్రకారం సంబంధిత అధికారి నుంచి తెప్పించలేదు.
>
> 5. సెక్షన్ 7(8) ప్రకారం అప్పీలు గడువు, అప్పిలేట్ అధికారి వివరాలు లేఖలో ఇవ్వలేదు. సెక్షన్ 19(5) ప్రకారం నిరాకరణ సరైనదని రుజువు చేసే బాధ్యత ప్రతివాదిదే.
>
> 6. లేఖ 09-03-2026న పోస్టు చేసినట్టు కవరుపై ముద్ర ఉంది. సెక్షన్ 11 కింద నోటీసు ఇచ్చినట్టు లేఖలో ఎక్కడా లేదు, కాబట్టి 30 రోజుల గడువే వర్తిస్తుంది, అది 04-03-2026తో ముగిసింది. కాబట్టి సెక్షన్ 7(6) ప్రకారం సమాచారం ఉచితంగా ఇవ్వాలి.
>
> కోరే ఉత్తర్వులు: (1) 1, 2, 3, 5 అంశాల ధ్రువీకరించిన కాపీలను 15 రోజుల్లో ఉచితంగా ఇవ్వాలని, (2) 4వ అంశం సమాచారాన్ని తెప్పించి ఇవ్వాలని, లేదా బదిలీ చేసి నాకు తెలపాలని, (3) ఏ భాగమైనా నిరాకరిస్తే అంశాలవారీగా కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలని, (4) విచారణ జరిపితే నాకు ముందుగా నోటీసు ఇవ్వాలని కోరుతున్నాను.
>
> జత: దరఖాస్తు, దాని రసీదు, సూచిక 2 లేఖ, కవరు, ఫొటోల నకళ్లు.
>
> (స్థలం, తేదీ, సంతకం)

అంతా రెండు పేజీల్లో సరిపోయింది. ప్రతి పేరా ఏదో ఒక అంశానికి కట్టుబడి ఉండటం గమనించండి. కమిషన్‌లో ఎవరైనా దీన్ని తీసుకుని, ఏ అంశానికి ఏ వాదనో వేలుపెట్టి చూపొచ్చు. ‘ఒకవేళ అవుననుకున్నా’ అనే మాటను కూడా చూడండి. మొదట వ్యక్తిగత సమాచారం కాదన్నాం, ఒకవేళ అధికారి ఒప్పుకోకపోతే పడిపోకుండా రెండో వాదన కింద పట్టుకుంటుంది.

అప్పీలులో పెట్టకూడనివి

రైతు మొదట రాసిన అప్పీలులో కొత్తగా డ్రైనేజీ పని ఎస్టిమేట్ కూడా అడిగాడు. అప్పీలులో కొత్త సమాచారం అడగకూడదు. దానికి వేరే దరఖాస్తు పెట్టించాను. అలాగే ‘రోడ్డు ఎందుకు పగిలింది?’ అని రాశాడు. చట్టం ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారాన్ని. లేని సమాధానాన్ని తయారుచేసి ఇవ్వాల్సిన పని అధికారికి లేదని 2011లో సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రోడ్డు ఎందుకు పగిలిందో టెస్ట్ రిపోర్టు, ఎం-బుక్ చేతికి వస్తే మీకే అర్థమవుతుంది.

జరిమానా వేయాలని కూడా రాశాడు. రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా సెక్షన్ 20లో ఉన్న మాట నిజం. కానీ దాన్ని వేసే అధికారం సమాచార కమిషన్‌దే, మొదటి అప్పిలేట్ అధికారిది కాదు. నష్టపరిహారమూ అంతే. వాటిని రెండో అప్పీలుకు దాచుకోండి.

మీ ఉత్తరంలో వేరే కారణం ఉంటే

‘విచారణలో ఉంది కాబట్టి ఇవ్వలేము’ అని సెక్షన్ 8(1)(హెచ్) చూపితే, విచారణ ఉండటం ఒక్కటే చాలదు, ఈ సమాచారం ఇస్తే ఆ విచారణకు ఎలా ఆటంకమో చెప్పాలి. 2007లో భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు తేల్చింది ఇదే. మీ అప్పీలులో ఆ పేరు ఒక్క వాక్యంలో రాయండి.

‘ఫైలు దొరకడం లేదు’ అంటే, ఫైలు దొరకకపోవడం సెక్షన్ 8లో ఎక్కడా మినహాయింపుగా లేదు. గాలించి తేల్చాలని, దొరక్కపోతే ఎవరి దగ్గర ఎప్పటిదాకా ఉందో రాతపూర్వకంగా చెప్పాలని కోరండి. 2013లో విశ్వాస్ భంబూర్కర్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి సందర్భంలో విచారణ జరిపి బాధ్యులెవరో తేల్చవచ్చంది.

‘సమాచారం ఎక్కువ, సిబ్బంది లేరు’ అంటే సెక్షన్ 7(9) చూడండి. మీరు అడిగిన రూపంలో ఇవ్వడం కష్టమైతే వేరే రూపంలో ఇవ్వమంటుంది అది, మానేయమనదు. ఆఫీసుకు వచ్చి రికార్డు చూసుకుని కావలసిన పేజీలే తీసుకుంటానని రాయండి. పేజీలు తక్కువ పడతాయి, ఏ కాగితం లేదో కూడా మీ కళ్లతో చూస్తారు.

పంపాక

అప్పీలు రెండు కాపీలు తీయండి. చేత్తో ఇస్తే మీ కాపీ మీద తేదీతో ముద్ర, సంతకం వేయించుకోండి. ముద్ర వేయమంటే తిప్పుతున్నారంటే స్పీడ్ పోస్టులో పంపండి, అందినట్టు రుజువు వచ్చే సదుపాయం అడిగి తీసుకోండి. ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని కనిపించిన రోజే ప్రింటు తీసి ఫైలులో పెట్టండి, ఆ వివరాలు ఎప్పటికీ అక్కడ ఉండవు.

ఈ అప్పీలు మార్చి 25న చేరింది. సెక్షన్ 19(6) ప్రకారం 30 రోజుల్లో, అంటే ఏప్రిల్ 24లోగా నిర్ణయం రావాలి. కారణాలు రాసిపెట్టి గరిష్ఠంగా 45 రోజుల దాకా, అంటే మే 9 దాకా పొడిగించుకోవచ్చు. విచారణకు పిలిస్తే వెళ్లండి, ముసాయిదా కాపీ వెంట తీసుకెళ్లండి. ‘మాట్లాడుకుందాం, అప్పీలు వాపసు తీసుకో’ అంటే, కాగితాలు చేతికి అందేదాకా సంతకం పెట్టకండి.

ఆ రైతుకు ఏప్రిల్ మూడో వారంలో పిలుపు వచ్చింది. ఎస్టిమేట్, అగ్రిమెంటు, ఎం-బుక్ పేజీలు, బిల్లులు ఇవ్వాలని ఉత్తర్వు అయింది. టెస్ట్ రిపోర్టుల మీద మాత్రం ‘సంబంధిత విభాగాన్ని సంప్రదించగలరు’ అని రాశారు. అది ఒప్పుకోవాల్సిన జవాబు కాదు, ఎందుకంటే సంప్రదించాల్సింది దరఖాస్తుదారు కాదు, అధికారి. ఆ ఒక్క అంశం మీద రెండో అప్పీలుకు సెక్షన్ 19(3) కింద 90 రోజులు ఉంటాయి. ఏప్రిల్ 24 నుంచి లెక్కేసినా జూలై 23 దాకా. ముసాయిదాలో నాలుగో పేరా అలాగే ఉంది కాబట్టి, దాన్నే తీసి కమిషన్‌కు రాసే అప్పీలులో మొదటి కారణంగా పెట్టాం.